1729 దగ్గర వెతుకులాట ఎక్కడ ఆపాలి?

రామానుజన్, హార్డీ, టాక్సీ నంబరు కథ తెలియనివాళ్లు తక్కువ. లండన్‌లో పట్నీ దగ్గర ఆసుపత్రిలో ఉన్న రామానుజన్‌ని చూడటానికి హార్డీ వెళ్లాడు. తాను ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు 1729లో విశేషమేమీ కనిపించలేదన్నాడు. కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగే సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది అదే అని రామానుజన్ జవాబిచ్చాడు.

1729 = 12³ + 1³ = 10³ + 9³

కథ చెప్పేవాళ్లు మామూలుగా ఇక్కడితో ఆపేస్తారు. నాకైతే అసలు సంగతి ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. రెండు జతలు దొరికాయి, సరే. మూడోది లేదని ఎలా తెలుసు? పూర్ణాంకాలకు అంతు లేదు కదా, ఎక్కడిదాకా వెతికి ఆపాలి? జవాబు దొరికితే అది సరైనదో కాదో ఐదో తరగతి పిల్లవాడు కూడా గుణించి చూసి చెప్పేస్తాడు. ‘ఇంకేమీ లేవు’ అని చెప్పాలంటే మాత్రం ముందుగా ఒక హద్దు కట్టాలి: జవాబంటూ ఉంటే ఇంతలోపే ఉండాలి, దీనికి అవతల ఉండే వీల్లేదు అని నిరూపించాలి. అప్పుడు హద్దు లోపల ఉన్నవన్నీ చూసేస్తే పని అయిపోయినట్టే.

రెండూ ధన సంఖ్యలే కావాలంటే హద్దు కట్టడం తేలిక. x, y లలో పెద్దది x అనుకుందాం. 13³ అంటే 2197, అదే 1729ని దాటిపోతోంది. కాబట్టి x 12ను మించదు. పైన మాత్రమే కాదు, కింద కూడా హద్దు పెట్టొచ్చు, చాలామంది దీన్ని మర్చిపోతారు. y కంటే x చిన్నది కాదు కాబట్టి మొత్తంలో కనీసం సగం x³ దే. అంటే x³ కనీసం 864.5 ఉండాలి, అంటే x కనీసం 10. ఇక మిగిలినవి 10, 11, 12 మాత్రమే. 1729 లోంచి 10³ తీస్తే 729, అది 9³. 11³ తీస్తే 398, అది ఏ సంఖ్యకూ ఘనం కాదు. 12³ తీస్తే 1. మూడు తీసివేతలతో లెక్క ముగిసింది. ‘పెద్దది x అనుకుందాం’ అన్న చిన్న మాటే పన్నెండు పరీక్షలను మూడుకు దించింది.

‘అన్నిటికంటే చిన్నది’ అన్న మాటను కూడా ఇలాగే సరిచూడొచ్చు. మొత్తం 1729 కంటే తక్కువ కావాలంటే పెద్ద సంఖ్య 11ను దాటకూడదు, ఎందుకంటే 12³ కి 1 కలిపితేనే 1729 అయిపోతుంది. 1 నుంచి 11 వరకు ఉన్న అంకెలతో చేయగలిగే జతలు 66. ఓపిగ్గా కూర్చుంటే ఒక కాగితం మీద అన్నీ రాసి చూసుకోవచ్చు.

ఇప్పుడు రుణ సంఖ్యలను కూడా రానిద్దాం. ఇక్కడ రామానుజన్ మాటలో దాగి ఉన్న షరతు బయటపడుతుంది. రుణ సంఖ్యలు కూడా పనికొస్తాయంటే రెండు రకాలుగా రాయగలిగిన సంఖ్యల్లో 1729 చిన్నది కానే కాదు. 91నే చూడండి: 3³ + 4³ కూడా 91, 6³ + (−5)³ కూడా 91. మరి 1729కి అలాంటి జత ఏదైనా ఉందా? పాత హద్దు ఇక్కడ ఎందుకూ కొరగాదు. x³ పెద్దదైనా పర్వాలేదు, రుణ ఘనం వచ్చి దాన్ని కిందకు లాగేస్తుంది. x కోటి కావచ్చు, వంద కోట్లు కావచ్చు. ‘x 12ను మించదు’ అని రాసి, చివర్లో ‘కాబట్టి పూర్ణాంక సాధనలు ఇవే’ అని ముగించే జవాబు పత్రాలు బోలెడు కనిపిస్తాయి. ఆ వాక్యంలో ‘పూర్ణాంక’ అన్న మాట తప్పు. నిరూపించింది ధన పూర్ణాంకాలకు మాత్రమే.

కొత్త హద్దు ఎక్కడి నుంచి తేవాలి? ముందుగా తట్టే దారి, పక్కపక్క ఘనాల మధ్య దూరం. రుణ సంఖ్యను −n అనుకుంటే సమీకరణం x³ − n³ = 1729 అవుతుంది. రెండు వేర్వేరు ఘనాల తేడా 1729 కావాలన్నమాట. ఘనాలు పెద్దవయ్యేకొద్దీ ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. n³ తర్వాత వచ్చే ఘనం (n+1)³. ఆ రెండింటి మధ్య దూరం 3n² + 3n + 1. n = 23 దగ్గర అది 1657. n = 24 దగ్గర 1801, అంటే 1729ని దాటిపోయింది. అక్కడి నుంచి పక్కపక్క ఘనాలే 1729 కంటే దూరంగా ఉన్నప్పుడు, మధ్యలో ఒకటి రెండు వదిలేసి తీసుకున్న ఘనాలు ఇంకా దూరంగా ఉంటాయి. కాబట్టి n 23ను మించదు. 1729 + n³ ను n = 0 నుంచి 23 దాకా 24 సార్లు చూస్తే చాలు. ఏదీ ఘనం కాదు. చివరిదైన n = 23 దగ్గర 13896 వస్తుంది, 24³ ఏమో 13824. తేడా 72.

అనంతమైన వెతుకులాట 24 పరీక్షలకు దిగింది. ఇంతటితో ఆపినా తప్పు లేదు. కానీ ఇంతకంటే పదునైన హద్దు ఉంది, అది ఎందుకు పుడుతుందో చూడటం ముఖ్యం. రెండు ఘనాల మొత్తాన్ని కారణాంకాలుగా విడగొట్టడం మనం తొమ్మిదో తరగతిలోనే నేర్చుకున్నాం:

x³ + y³ = (x + y)(x² − xy + y²)

x + y ని s అనీ, x − y ని d అనీ పిలుద్దాం. రెండో బ్రాకెట్టును నాలుగుతో గుణించి ఈ అక్షరాల్లో రాస్తే s² + 3d² అవుతుంది (విప్పి చూసుకోండి, రెండు లైన్ల పని). అప్పుడు మన సమీకరణం ఇలా మారుతుంది:

4 × 1729 / s = s² + 3d²

ఈ ఒక్క లైనులో రెండు అడ్డుకట్టలున్నాయి. మొదటిది: s అనేది 1729ని నిశ్శేషంగా భాగించాలి. రెండోది: 3d² ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు కాబట్టి s² ఎడమవైపును మించకూడదు, అంటే s³ ≤ 6916. 19³ = 6859, 20³ = 8000. కాబట్టి s 19ని మించదు. s రుణ సంఖ్య కావచ్చు కదా అన్న అనుమానం ఇక్కడే తీర్చుకోవాలి. కుడివైపు ధన సంఖ్య, కాబట్టి s కూడా ధనమే. ఈ ఒక్క వాక్యం రాయకుండా అసమానతను s తో గుణించేస్తే నిరూపణలో కన్నం పడుతుంది.

1729 = 7 × 13 × 19. దాని భాజకాలు 1, 7, 13, 19, 91, 133, 247, 1729. వీటిలో 19 దాటనివి నాలుగే. ఒక్కొక్కటి చూద్దాం.

s = 1 అయితే 6916 = 1 + 3d², అంటే d² = 2305. 48² = 2304. ఒక్క అంకెలో తప్పిపోయింది!

s = 7 అయితే 988 = 49 + 3d², d² = 313. ఇది వర్గం కాదు.

s = 13 అయితే 532 = 169 + 3d², d² = 121, d = 11. మొత్తం 13, తేడా 11 అంటే 12, 1.

s = 19 అయితే 364 = 361 + 3d², d² = 1. మొత్తం 19, తేడా 1 అంటే 10, 9.

ధనమైనా రుణమైనా 1729కి ఈ రెండు జతలే. నాలుగు పరీక్షలతో తేలిపోయింది. ఇదే లెక్క 91కి వేస్తే s³ ≤ 364 కాబట్టి s ఏడు దాటదు, ఏడు లోపు భాజకాలు 1, 7. s = 1 దగ్గర d² = 121 వచ్చి 6, −5 దొరుకుతాయి. s = 7 దగ్గర d² = 1 వచ్చి 4, 3 దొరుకుతాయి. 1729 దగ్గర ఒక్క అంకెలో తప్పిన s = 1, ఇక్కడ సరిగ్గా కుదిరిందన్నమాట.

ఇంకో చిన్న విషయం నాకు భలే నచ్చుతుంది. (x + y)³ ను విప్పితే x³ + y³ + 3xy(x + y) వస్తుంది. కాబట్టి s³ మన సంఖ్య కంటే పెద్దదైతే xy ధనం, చిన్నదైతే xy రుణం. 1729కి ఘనమూలం 12 కంటే రవ్వంత ఎక్కువ. అంటే s = 13, 19 ల దగ్గర దొరికేవి రెండూ ధన సంఖ్యలే కావాలి, s = 1, 7 ల దగ్గర దొరికితే ఒకటి రుణం కావాలి. వెతకకముందే ఎక్కడ ఏ రకం జవాబు వస్తుందో తెలిసిపోతోంది. రామానుజన్ చెప్పిన ధన సంఖ్యల సంగతి మాత్రమే కావాలంటే 13 నుంచి 19 లోపు ఉన్న భాజకాలు చూస్తే చాలు. ఉన్నవి రెండే, రెండూ పలికాయి.

చేత్తో చేసే లెక్కకు 24 పరీక్షలైనా నాలుగైనా పెద్ద తేడా లేదు, నిజమే. సంఖ్య పెద్దదైతే తేడా తెలుస్తుంది. 1729 బదులు లక్ష కోట్లు, అంటే 10¹² పెడితే దూరాల హద్దు దాదాపు 5,77,000 దాకా వెతకమంటుంది. కారణాంకాల హద్దు 15,874 దగ్గర ఆగిపోతుంది, అందులోనూ భాజకాలైతేనే ముందుకు పొమ్మంటుంది. ఒకటి వర్గమూలంలా పెరుగుతోంది, రెండోది ఘనమూలంలా. కంప్యూటర్‌కు ఇస్తే పని ఇంతే:

```python
from math import isqrt
N = 1729
s = 1
while s**3 <= 4*N:
    if N % s == 0:
        q = 4*N//s - s*s
        d = isqrt(q//3)
        if 3*d*d == q:
            print((s+d)//2, (s-d)//2)
    s += 1
```

లూప్ ఆగే షరతును `s**3 <= 4*N` అని పూర్ణాంకాల్లోనే రాయడానికి కారణం ఉంది. ముందే ఘనమూలం తీసి `int((4*N)**(1/3))` దాకా తిప్పితే బాగుంటుందనిపిస్తుంది. N = 16 తో చేసి చూడండి. 16 = 2³ + 2³, అంటే s = 4, 4N = 64. 64కి ఘనమూలం 4 అని మనకు తెలుసు. పైథాన్ మాత్రం `64**(1/3)` అడిగితే `3.9999999999999996` అంటుంది, `int` దాన్ని 3 చేసేస్తుంది. లూప్ 3 దగ్గరే ఆగిపోతుంది, ఉన్న ఒకే ఒక్క జవాబు చేజారుతుంది. ప్రోగ్రాం ఎర్రర్ ఏమీ చూపించదు, ఖాళీగా ముగుస్తుంది. మనమేమో ‘జవాబులు లేవు’ అని చదువుకుంటాం. సరిగ్గా హద్దు గీత మీదే ఉన్న జవాబుకు వచ్చే ముప్పు ఇది. చేత్తో రాసే నిరూపణలోనూ ≤ ఉండాల్సిన చోట < రాస్తే జరిగేది ఇదే. x, y సమానమైనప్పుడు d = 0, అప్పుడు s³ సరిగ్గా 4N అవుతుంది.

హద్దు తప్పుగా కట్టామేమో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ముందే తెలిసిన జవాబు ఆ హద్దు లోపల ఇముడుతుందో లేదో చూడాలి. ఉదాహరణకు ఎవరైనా తొందరలో s³ ≤ N అని రాశారనుకోండి. 12, 1 జత అందరికీ తెలిసిందే, దాని s = 13, s³ = 2197. అది 1729ని మించిపోయింది. తెలిసిన జవాబునే బయటికి నెట్టేసిన హద్దు తప్పుదని అక్కడికక్కడే తేలిపోతుంది. పరీక్ష నెగ్గినంత మాత్రాన హద్దు సరైనదని కాదు గానీ, చాలా తప్పులు ఇక్కడే దొరికిపోతాయి.

ఇంతవరకు అంతా సాఫీగా సాగింది, దానికి కారణం x³ + y³ కారణాంకాలుగా విడిపోవడం. సమీకరణాన్ని కొద్దిగా కదిపి x³ − 2y³ = m అని చూద్దాం. ఇది పూర్ణాంక గుణకాలతో విడిపోదు. భాజకాల దారి మూసుకుపోయింది. పోనీ దూరాల దారి? ఇందాక రెండూ ఘనాలే, పెద్దవయ్యేకొద్దీ దూరం జరిగాయి. ఇప్పుడు ఒకటి ఘనం, రెండోది ఘనానికి రెట్టింపు. ఇవి రెండు వేర్వేరు వరసలు, అప్పుడప్పుడూ ఒకదానికొకటి చాలా దగ్గరగా వచ్చేస్తాయి. 5³ = 125, 2 × 4³ = 128, తేడా 3. 29³ కీ 2 × 23³ కీ తేడా 55. సరే, పెరుగుతోందిలే అనుకునేలోపు 63³ = 250047, 2 × 50³ = 250000, తేడా 47. సంఖ్యలు పెద్దవయ్యాయి, తేడా తగ్గింది. కాబట్టి m = 47 కోసం ఎక్కడిదాకా వెతకాలో దూరాలను చూసి చెప్పలేం. 2 ఘనమూలానికి 63/50 ఎంత దగ్గరగా ఉందో ఆ తేడా చెబుతోంది, అంటే మన ప్రశ్న కాస్తా ‘ఒక కరణీయ సంఖ్యకు భిన్నాలు ఎంత దగ్గరగా రాగలవు?’ అన్న ప్రశ్నగా మారింది.

1909లో నార్వే గణితవేత్త ఆక్సెల్ థూ ఈ రకం సమీకరణాలకు (m సున్నా కానప్పుడు) పూర్ణాంక సాధనలు పరిమితమేనని నిరూపించాడు. గొప్ప ఫలితమే, కానీ వెతికేవాడి చేతికి ఏమీ రాలేదు. ‘పరిమితం’ అన్నాడు గానీ ఎంతలోపో చెప్పలేదు, ఆ నిరూపణలోంచి ఆ అంకెను తీయడం కుదరదు కూడా. రెండింటికీ చాలా తేడా ఉంది. జవాబులు పరిమితమని తెలిసి, ఇప్పటికి నాలుగు దొరికాయనుకోండి. ఐదోది లేదని మాత్రం ఇంకా చెప్పలేం.

ఆ లోటు తీరడానికి అరవై ఏళ్లు పట్టింది. ఇంగ్లండ్‌కు చెందిన అలన్ బేకర్ 1960లలో లాగరిథమ్‌ల మీద చేసిన పనితో ఇలాంటి సమీకరణాలకు అంకెల్లో హద్దులు వచ్చాయి. 1970లో ఆయనకు ఫీల్డ్స్ మెడల్ దక్కింది. ఆ హద్దులు ఎలా ఉండేవో చూడాలంటే y² = x³ + k అనే సమీకరణానికి ఆయన 1968లో ఇచ్చినది చూడండి. x, y ల పరిమాణం దీన్ని మించదు:

exp( (10¹⁰ |k|)^10000 )

k = 1 పెట్టి చూద్దాం. ఆ హద్దులో ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కను కాగితం మీద రాయబోతే, ఆ లెక్కకే దాదాపు లక్ష అంకెలుంటాయి. మరి y² = x³ + 1 కి ఉన్న అతి పెద్ద సాధన ఏమిటి? x = 2, y = 3. అంతే! నిరూపణ ప్రకారం వెతుకులాట పరిమితమే, ఆచరణలో ఏ యంత్రమూ ఆ కొసకు చేరలేదు.

అయినా ఈ హద్దులు వృథా కాలేదు, ఎందుకంటే ఒకసారి ఏదో ఒక హద్దు చేతికొస్తే దాన్ని కుదించే దారులున్నాయి. 1, 3, 8, 120 అనే నాలుగు సంఖ్యల్లో ఏ రెండు తీసుకుని గుణించి ఒకటి కలిపినా వర్గమే వస్తుంది (8 × 120 + 1 = 961 = 31²). 1, 3, 8 పక్కన 120 బదులు ఇంకేదైనా ధన సంఖ్య కూర్చుంటుందా? 1969లో బేకర్, డావెన్‌పోర్ట్ కలిసి ఈ ప్రశ్నను పట్టుకున్నారు. సాధనలన్నీ ఒక వరసలో వస్తాయి, ఆ వరసలో ఎన్నోది అన్న అంకెకు మొదట దొరికిన హద్దు 10⁴⁸⁷. అన్నిటినీ చూడటం అసాధ్యం. కానీ ఆ అంకె అంత పెద్దదైతే కొన్ని లాగరిథమ్‌ల నిష్పత్తి ఒక భిన్నానికి నమ్మలేనంత దగ్గరగా ఉండాలి. ఆ నిష్పత్తిని వెయ్యికి పైగా దశాంశ స్థానాల దాకా లెక్కగట్టి, అంత దగ్గరగా లేదని చూపించారు. ఆ ఒక్క లెక్కతో హద్దు వెతకగలిగేంత చిన్నదైపోయింది. 120 తప్ప ఇంకోటి లేదని తేలింది. ఈరోజుకీ ఇలాంటి సమీకరణాల మీద పనిచేసేవాళ్లు నడిచే దారి ఇదే: ముందు బేకర్ పద్ధతిలో భారీ హద్దు, తర్వాత కుదింపు, చివర్లో మామూలు వెతుకులాట.

హద్దే లేని చోట్ల సంగతి వేరు. 1729కే తిరిగి వెళ్లి, రెండు ఘనాలకు మూడో ఘనాన్ని జతచేద్దాం: x³ + y³ + z³ = k. టాక్సీ సంఖ్యనే ఈ రూపంలో రాస్తే 9³ + 10³ + (−12)³ = 1. ఇది ఒంటరి జవాబు కాదు. 1936లో మాలర్ ఒక సూత్రం ఇచ్చాడు:

(9t⁴)³ + (3t − 9t⁴)³ + (1 − 9t³)³ = 1

t = −1 పెడితే సరిగ్గా 9, −12, 10 వస్తాయి. t = 2 పెడితే 144, −138, −71. t కి ఏ పూర్ణాంకం ఇచ్చినా ఒక జవాబు పుడుతుంది, కాబట్టి k = 1 కి సాధనలు అనంతం, హద్దు అన్న ప్రశ్నే లేదు. k = 3 దగ్గర మాత్రం 1, 1, 1 జవాబూ, 4, 4, −5 జవాబూ అందరికీ తెలుసు. ఇంకేమైనా ఉన్నాయా అని 1953లో మోర్డెల్ అడిగాడు. మూడోది 2019లో దొరికింది. అందులోని పెద్ద సంఖ్యలు 21 అంకెలవి.

రెండు ఘనాలకు పనిచేసిన హద్దు ఇక్కడ ఎక్కడ చెడిపోయిందో చూడటం తేలికే. z ని ఒకచోట బిగించేస్తే మిగిలేది x³ + y³ = k − z³. ఇది మన పాత లెక్కే, s కి హద్దు ఉంది, భాజకాలు చూసుకుంటే తీరిపోతుంది. కానీ z ఎంతదాకా వెళ్లాలో చెప్పేది ఏదీ లేదు. లోపలి వెతుకులాటకు కంచె ఉంది, బయటిదానికి లేదు. అయినా లోపలి కంచె పనికొస్తుంది. పరిమాణంలో z అన్నిటికంటే చిన్నదనుకుంటే, k చిన్నగా ఉన్నప్పుడు s అనేది z లో దాదాపు 0.26 వంతును మించదు (2 ఘనమూలంలోంచి 1 తీస్తే వచ్చేది అదే). అందుకని యంత్రాలకు పని అప్పగించేవాళ్లు z ని కాకుండా s ని ఒక్కొక్కటిగా తీసుకుంటారు. z³ ని s తో భాగిస్తే వచ్చే శేషం, k ని భాగిస్తే వచ్చే శేషం ఒకటే కావాలి. ఆ షరతుకు నిలిచే z లు ప్రతి s కీ కొన్నే ఉంటాయి, మిగతావన్నీ చూడకుండానే వదిలేయొచ్చు.

k ని 9తో భాగిస్తే 4 గానీ 5 గానీ మిగిలిందంటే సాధనలు లేవని వెంటనే చెప్పొచ్చు, ఘనాల శేషాలు 0, 1, 8 మాత్రమే కాబట్టి. 33 అలాంటిది కాదు, ఉండే అవకాశం ఉంది. మూడు సంఖ్యలూ 10¹⁵ లోపు ఉంటే దొరికేలా 2016 నాటికి వెతికారు, ఏమీ దొరకలేదు. 2019లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ బుకర్ పై పద్ధతితో, మూడింటిలో చిన్నదైన z 10¹⁶ దాకా వెళ్లేలా లెక్క పెట్టాడు. దొరికింది:

8866128975287528³ − 8778405442862239³ − 2736111468807040³ = 33

మూడూ పాత గీతకు అవతలే ఉన్నాయి. అదే వెతుకులాటలో 42 కోసం కూడా చూశాడు, 10¹⁶ దాకా ఏమీ లేదు. అదే ఏడాది ఎంఐటీకి చెందిన ఆండ్రూ సదర్లాండ్‌తో కలిసి, స్వచ్ఛందంగా ఇచ్చిన లక్షలమంది ఇళ్లలోని కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని వాడుకుని ఇంకా ముందుకెళ్లాడు. 42 దొరికింది. అందులోని చిన్న సంఖ్య 12602123297335631, అంటే 10¹⁶ కి పావు వంతు అవతల. మొదటి వెతుకులాట ఆగిన చోట ‘42 కుదరదేమో’ అని ఎవరైనా అని ఉంటే, ఆ మాటకు ఆధారం ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. నిరూపించిన హద్దు లేనప్పుడు 10¹⁶ దాకా వెతికినా 10 దాకా వెతికినా ‘లేదు’ అనే హక్కు మాత్రం రాదు.

ఏ సమీకరణం ఇచ్చినా దాని గుణకాలను చూసి ‘ఇంతలోపే ఉండాలి’ అని చెప్పే ఒక సూత్రం ఎప్పటికైనా దొరుకుతుందా అంటే, దొరకదు. అలాంటి సూత్రం ఉంటే హద్దు లోపల వెతికేసి ఏ సమీకరణానికైనా పూర్ణాంక సాధన ఉందో లేదో యంత్రం చేత చెప్పించొచ్చు. అన్ని సమీకరణాలకూ పనికొచ్చే అలాంటి పద్ధతి ఉండనే ఉండదని డేవిస్, పుట్నం, జూలియా రాబిన్సన్ వేసిన బాట మీద 1970లో యూరి మతియసేవిచ్ నిరూపించాడు. కాబట్టి హద్దులను ఒక్కో రకం సమీకరణానికి విడివిడిగా కనిపెట్టాల్సిందే. మూడు ఘనాల సమీకరణానికి ఎవరూ కనిపెట్టలేదు. 42 తేలిన తర్వాత మిగిలిన వాటిలో అన్నిటికంటే చిన్నది 114. దాన్ని 9తో భాగిస్తే మిగిలేది 6, కాబట్టి శేషాల వైపు నుంచి అడ్డేమీ లేదు.